సబా సూరా 13వ ఆయత్: ‘కల్‌జవాబి’ అంటే జవాబేనా? విరిగిన బహువచనం నుంచి ఏకవచనానికి దారి ఏది?

సీమ_పాఠకుడు
సులైమాన్ కోసం జిన్నులు ఏమేం తయారు చేసేవో చెప్పే వాక్యం ఇది:

“యఅమలూన లహూ మా యషాఉ మిన్ మహారీబ వ తమాసీల వ జిఫానిన్ కల్‌జవాబి వ ఖుదూరిన్ రాసియాత్”

భవనాలు, ప్రతిమలు, తొట్లంత పళ్లేలు, కదలని వంటపాత్రలు అని అనువాదం చూస్తే తెలుస్తోంది. అరబీ నిఘంటువు తెరిస్తే మాత్రం ఒక్క మాటా దొరకడం లేదు. ‘మహారీబ్’ కోసం మీమ్ కింద చూశాను, లేదు. ‘జిఫాన్’ లేదు. ‘జవాబ్’ ఒక్కటే దొరికింది, తీరా అది మనం వాడే జవాబే. ‘జవాబుల్లాంటి పళ్లేలు’ అంటే అర్థం లేదు కదా. ఇలా లోపలి అచ్చులు మారి విరిగిపోయిన బహువచనం చూసి ఏకవచనం పట్టుకునే పద్ధతి ఏదైనా ఉందా, లేక జంటలు జంటలుగా బట్టీ పట్టాల్సిందేనా?

గుంటూరు_గ్రామరు
పద్ధతి ఉంది, తేలికే. దీర్ఘాలు తీసెయ్యండి. మొదట మీమ్ గానీ తా గానీ ఉంటే అదీ తీసెయ్యండి. మిగిలిన మూడు హల్లులే ధాతువు. మహారీబ్‌లో హా, రా, బా మిగులుతాయి. తమాసీల్‌లో మీమ్, సా, లామ్. జిఫాన్‌లో జీమ్, ఫా, నూన్, అంటే ‘జఫ్న్’. అయిపోయింది.

రెహానా_కలం
@గుంటూరు_గ్రామరు ధాతువు దాకా సరే. కానీ జఫ్న్ అంటే కనురెప్ప! తొట్లంత కనురెప్పలు వండించాడా సులైమాన్ 😀

మూలధాతువు
గుంటూరు గారు చెప్పింది సగం దారి. ధాతువు దొరికితే నిఘంటువులో ఏ పేజీ తెరవాలో తెలుస్తుంది, అంతే. ఆ పేజీలో ఒకే ధాతువుకు పది నామవాచకాలు ఉంటాయి. వాటిలో మనది ఏదో చెప్పేది బహువచనం వజన్, అంటే ధాతువు హల్లులను పోసే మూస. ఈ ఆయత్‌లో మాటలు వేర్వేరు రకాలవి కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

ముందు మహారీబ. దీని ఆకారం ‘మఫాఈల్’, అందులో ఫా, ఐన్, లామ్ ఉన్నచోట ధాతువు హల్లులు పెట్టుకోవాలి. ఇక్కడ గమనించాల్సింది చివరి హల్లుకు ముందున్న ‘ఈ’. బహువచనంలో ఆ స్థానంలో దీర్ఘం ఉందంటే ఏకవచనంలోనూ చివరి హల్లుకు ముందు దీర్ఘం ఉన్నట్టు. హ్రస్వమైతే అక్కడా హ్రస్వమే. మస్జిద్‌కు మసాజిద్, మిఫ్తాహ్‌కు మఫాతీహ్. అయితే ఏ దీర్ఘమో మాత్రం బహువచనం చెప్పదు. ఆ, ఊ, ఈ మూడూ బహువచనంలో ‘ఈ’ అయిపోతాయి. మిఫ్తాహ్, సందూఖ్, ఖిందీల్ మూడింటికీ వరసగా మఫాతీహ్, సనాదీఖ్, ఖనాదీల్.

కాబట్టి మనకు మూడు అభ్యర్థులు వస్తాయి: మిహ్రాబ్, మహ్రూబ్, మిహ్రీబ్. ఇప్పుడు హా-రా-బా పేజీ తెరిస్తే మిహ్రాబ్ ఉంటుంది, పక్కనే బహువచనం మహారీబ్ అని రాసి ఉంటుంది. మహ్రూబ్ కూడా ఉంటుంది, కానీ దాని అర్థం సొమ్ము దోచుకోబడినవాడు. ‘తయారు చేసేవి’ అన్న క్రియకు అది అతకదు.

సీమ_పాఠకుడు
మిహ్రాబ్ అంటే మసీదులో ఇమామ్ నిలబడే గూడు కదా. జిన్నులు గూళ్లు కట్టాయా?

పాతబస్తీ_పాఠం
గూడు అనే అర్థం తర్వాతది భాయ్. ఏకవచనం దొరికింది కదా, ఇప్పుడు అదే మాట ఖుర్ఆన్‌లో ఇంకెక్కడ వచ్చిందో చూడాలె. సాద్ సూరా 21లో ‘ఇజ్ తసవ్వరుల్ మిహ్రాబ్’ అని ఉంటది. దావూద్ దగ్గరికి గోడ ఎక్కి దూకి వచ్చిన్రు. గూడులకు గోడ దూకి ఎట్ల వస్తరు? ఆలె ఇమ్రాన్ 37లో జకరియ్యా మర్యమ్ ఉండే మిహ్రాబ్ లోపలికి పోతడు. అంటే అది గది, ఎత్తయిన కట్టడం. ఏకవచనం పట్టుకుంటే వచ్చే లాభమే ఇది, మాట అర్థం వేరే ఆయత్‌ల నుంచి తేలుతది.

గుంటూరు_గ్రామరు
సరే, వజన్ చూడాలని ఒప్పుకుంటున్నా. ఇంకో సంగతి. మహారీబ, తమాసీల చివర జబర్, అంటే ‘అ’ గుర్తు ఉంది. అంటే ఈ రెండూ ‘యఅమలూన’కు కర్మలు. జిఫానిన్, ఖుదూరిన్ చివర జేర్, అంటే ‘ఇ’ గుర్తు ఉంది కాబట్టి అవి వేరే. వాక్యాన్ని అలా విడగొట్టుకోవాలి.

మూలధాతువు
అక్కడే పొరపాటు. నాలుగూ ‘మిన్’ కిందే ఉన్నాయి, ‘వ’తో వరసగా కలిశాయి. నాలుగింటిదీ ఒకే విభక్తి. మొదటి రెండింటికి జబర్ రావడానికి కారణం వాటి వజనే. ‘మఫాఇల్, మఫాఈల్’ ఆకారంలో ఉన్న బహువచనాలు గైర్ మున్సరిఫ్. వాటికి చివర ‘న్’ పలికే తన్వీన్ రాదు, జేర్ రావాల్సిన చోట జబర్ వస్తుంది. ‘అల్’ చేరినా, వెనక షష్ఠి సంబంధం ఉన్నా మళ్లీ మామూలుగా జేర్ వస్తుంది.

దీన్ని తిప్పి వాడుకోవచ్చు. మిన్, ఫీ, బి లాంటి వాటి తర్వాత ‘అల్’ లేని మాట జబర్‌తో ముగిసిందంటే గైర్ మున్సరిఫ్ అన్నమాట. మనుషుల పేరో ఊరి పేరో కాకుండా మధ్యలో ‘ఆ’ ఉంటే, ఎక్కువసార్లు ఈ వజన్ బహువచనమే. అర్థం తెలియకముందే ఇది బహువచనం అని ఆ జబర్ చెప్పేస్తుంది.

సీమ_పాఠకుడు
ఇది ఉపయోగపడేది! నేను ఆ జబర్‌ను అచ్చుతప్పు అనుకున్నాను.

దోహా_తెలుగు
ఇక్కడ వర్క్‌షాపుల దగ్గర ‘మవాతిర్’ అని వింటాం. కారును ‘మోటర్’ అంటారు, బహువచనం మవాతిర్. ఇంగ్లీషు మాటను కూడా విరగ్గొట్టేశారు. ఫిల్మ్‌కు అఫ్లామ్, బ్యాంకుకు బునూక్. కాబట్టి చెవికి అలవాటైతే చాలు, ఈ ధాతువుల గొడవ అక్కర్లేదు. రోజూ వినే పది మాటలు పట్టుకోండి.

రెహానా_కలం
@దోహా_తెలుగు ఆయన అడిగింది మాట్లాడటం గురించి కాదు, రాసి ఉన్న వాక్యంలోని మాటను నిఘంటువు దాకా తీసుకెళ్లడం గురించి. కానీ మీ ఉదాహరణ బాగుంది. మోటర్‌లోని మొదటి దీర్ఘం మవాతిర్‌లో ‘వావ్’ అయింది చూడండి. ఆయన్ని ముంచిన ‘కల్‌జవాబి’లో ఉన్న వావ్ కూడా అలాంటిదే.

సీమ_పాఠకుడు
అంటే జవాబ్‌లో వావ్ ధాతువులోది కాదా?

మూలధాతువు
రెండు వేర్వేరు మాటలు ఒకే రూపంలో కనిపిస్తున్నాయి. సమాధానం అనే ‘జవాబ్’లో ధాతువు జీమ్-వావ్-బా. అది ఏకవచనం, దాని బహువచనం అజ్విబా. ఈ ఆయత్‌లోది ‘జవాబీ’, చివరి యా పడిపోయింది. ఆకారం ‘ఫవాఇల్’. ఈ ఆకారంలో రెండో స్థానంలోని వావ్ ధాతువులోది కాదు. ఏకవచనంలో మొదటి హల్లు తర్వాత ఉన్న ‘ఆ’ బహువచనంలో ‘వా’గా మారింది. వెనక్కి వెళ్లేటప్పుడు ఆ వావ్ తీసి ‘ఆ’ పెట్టాలి, దాని తర్వాతి అచ్చును ‘ఇ’ చేయాలి. జవాబీ నుంచి జాబియా. ధాతువు జీమ్-బా-యా, పోగుచేయడం. జాబియా అంటే నీళ్లు పోగుచేసే తొట్టి, ఒంటెలకు నీళ్లు పెట్టేంత పెద్దది.

ఇబ్బంది ఏమిటంటే, ‘సమాధానంలాగా’ అన్నా ‘కల్‌జవాబి’ అనే అంటారు, చివర అదే జేర్. రూపంలో తేడా లేదు. అర్థం, పోలిక కుదరడం, పక్క మాటలు, వీటితోనే తేల్చుకోవాలి. పళ్లెం పెద్దదని చెప్పడానికి తొట్టితో పోలుస్తారు గానీ సమాధానంతో పోల్చరు.

పాతబస్తీ_పాఠం
ఖిరాఅత్‌లు, అంటే ఖుర్ఆన్ చదివే సంప్రదాయాలు చూసినా తెలుస్తది. మనం చదివే హఫ్స్‌లో యా లేదు. ఇబ్నె కసీర్ ఖిరాఅత్‌ల ఆగినా ఆగకపోయినా ‘కల్‌జవాబీ’ అని యా పలుకుతరు. వర్ష్, అబూ అమ్ర్ ఆగకుండ కలిపి చదివితే పలుకుతరు. యా ఎక్కడికీ పోలేదు, దాక్కున్నది.

ఇసొంటిదే ఇంకోటి: అర్రహ్మాన్ 24ల ‘వ లహుల్ జవారిల్ మున్షఆత్’. అక్కడ జవారీ, ఏకవచనం జారియా, నీళ్ల మీద పరుగెత్తే ఓడ. అక్కడా యా రాయలేదు. మాట చివర జేర్ ఉండి, లోపల ‘వా’ ఉండి, ధాతువు రెండు హల్లులే దొరికితే మూడోది యా అని అనుమానించాలె.

నవాబ్_గారి_తోట
వావ్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా, మన ‘నవాబు’ కూడా బహువచనమే. నాయిబ్‌కు బహువచనం నువ్వాబ్, అదే ఉర్దూలో నవాబ్ అయింది. నాయబ్ తహసీల్దారులో ఏకవచనం ఉంది, నవాబు గారిలో బహువచనం ఉంది. వక్ఫ్, ఔకాఫ్ కూడా అంతే. మన ‘ఆసామి’ కూడా ఇస్మ్‌కు బహువచనం అయిన ‘అసామీ’ నుంచే వచ్చింది.

గుంటూరు_గ్రామరు
అంటే ఒక్క ఆసామి అంటే చాలామంది పేర్లన్నమాట. పొలానికి ఒక్క ఆసామి, పట్టాదారు పుస్తకంలో పది పేర్లు, సరిపోయింది 😀

రెహానా_కలం
😀 తోట గారూ, ఆ మాటలు వేరే చర్చకు పనికొస్తాయి. జిఫాన్ ఇంకా మిగిలే ఉంది. కనురెప్ప కాదని ఎలా తేల్చాలి?

మూలధాతువు
ఇక్కడ వజన్ అంతగా సాయం చేయదు. ‘ఫిఆల్’ బహువచనానికి ఏకవచనం చాలా ఆకారాల్లో ఉండొచ్చు. కల్బ్‌కు కిలాబ్, జబల్‌కు జిబాల్, కరీమ్‌కు కిరామ్, రుమ్హ్‌కు రిమాహ్. మహారీబ్‌లాగా దీర్ఘం ఎక్కడుందో చెప్పే ఆనవాలు ఇందులో లేదు. కాబట్టి జీమ్-ఫా-నూన్ పేజీలో ఉన్న నామవాచకాలన్నీ చూసి, ఏ మాట పక్కన ‘జిఫాన్’ అని రాసి ఉందో వెతకాలి. జఫ్న్ పక్కన జుఫూన్, అజ్ఫాన్ ఉంటాయి. జఫ్నా పక్కన జిఫాన్, జఫనాత్ ఉంటాయి. జఫ్నా అంటే పెద్ద పళ్లెం. తేలిపోయింది.

జఫ్న్‌కూ జఫ్నాకూ తేడా ‘ఆ’గా పలికే చివరి తా ఒక్కటే. విరిగిన బహువచనంలో ఆ తా కరిగిపోతుంది. ఏకవచనంలో తా ఉందో లేదో బహువచనం చెప్పదు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

పాతబస్తీ_పాఠం
జఫనాత్ అని ఎక్కడన్న కనబడితే మాత్రం తా ఉన్నట్టే లెక్క, అది సాలిమ్ బహువచనం, అంటే విరగకుండ చివర ‘ఆత్’ చేరేది. నడుమ ‘ఫ’ మీద జబర్ అదనంగ వస్తది, అది తీసేస్తే జఫ్నా. హస్సాన్ బిన్ సాబిత్ పద్యంల ‘మా తెల్లని జఫనాత్’ అని గొప్ప చెప్పుకుంటే, జఫనాత్ అంటే కొన్నే కదా, జిఫాన్ అనాల్సింది అని ఇంకో కవి నాబిగా తప్పుపట్టినడని కథ చెప్తరు.

గుంటూరు_గ్రామరు
అవును, అది నిజమైన నియమం. ‘ఆత్’ వస్తే మూడు నుంచి పది లోపే.

మూలధాతువు
నియమంగా తీసుకోకండి. కొద్ది సంఖ్యకు వేరే బహువచనాలు ఉన్నమాట నిజం, కానీ ఒక మాటకు ఒకటే బహువచనం ఉంటే అది కొద్దికీ, ఎక్కువకూ రెండింటికీ వాడతారు. ఆ కథ నిజంగా జరిగిందా అన్నదాని మీద కూడా పాత పండితులే వాదించుకున్నారు. ఏకవచనం వెతకడానికి ఆ లెక్క అక్కర్లేదు.

సీమ_పాఠకుడు
ఖుదూర్ నేను ప్రయత్నిస్తాను. ధాతువు ఖాఫ్-దాల్-రా. ఆకారం ఫుఊల్. ఖల్బ్‌కు ఖులూబ్ కాబట్టి ఇది ‘ఖద్ర్’. అర్థం కొలత, విలువ. లైలతుల్ ఖద్ర్‌లోని ఖద్ర్. ‘కదలని కొలతలు’?

రెహానా_కలం
మూడొంతులు వచ్చేశారు. ఫుఊల్‌కు ఫఅల్ ఒక్కటే కాదు, ఫిఅల్ కూడా వస్తుంది. ఇల్మ్‌కు ఉలూమ్‌లాగా. జేర్ పెట్టి ‘ఖిద్ర్’ చేయండి: వంటపాత్ర, దేగిసా. ఖద్ర్‌కు, ఖదర్‌కు బహువచనం అఖ్దార్.

పాతబస్తీ_పాఠం
పక్క మాట కూడ చూడు. ‘రాసియాత్’ అంటే పాతుకుపోయినయి, కదలనియి. పొయ్యి మీది నుంచి దించలేనంత పెద్ద దేగిసాలు. విశేషణం సాలిమ్ బహువచనంల ఉన్నది, ‘ఆత్’ తీసి తా పెడితే రాసియా వస్తది. పర్వతాలకు అదే ధాతువు నుంచి ‘రవాసీ’ అని వస్తది. మళ్లీ ఆ వావ్, ఆ యా. జవాబీ లెక్కనే.

సీమ_పాఠకుడు
తమాసీల్ మిగిలింది. తా ముందుంది, చివర ‘ఈ’ ఉంది. మూలధాతువు గారి పద్ధతిలో తిమ్సాల్, తమ్సూల్, తమ్సీల్ వస్తాయి. తమ్సీల్ అంటే ఉపమానం చెప్పడం. తిమ్సాల్ అంటే ప్రతిమ. ప్రతిమే సరి. కానీ తమ్సీల్ ఆకారానికి కూడా తమాసీలే వస్తుంది కదా?

మూలధాతువు
వస్తుంది. తస్వీర్‌కు తసావీర్ అదే దారి. రూపం రెండింటినీ ఒప్పుకుంటుంది. ఇక్కడ చేతితో చేసిన వస్తువుల జాబితా కాబట్టి తిమ్సాల్. పైగా పాతబస్తీ గారు మిహ్రాబ్‌కు చేసినట్టు ఖుర్ఆన్‌లో ఏకవచనం వెతికితే దొరకదు. తిమ్సాల్ అందులో ఎక్కడా రాలేదు, తమాసీల్ మాత్రమే రెండుసార్లు వచ్చింది. రెండోది అంబియా సూరా 52: ఇబ్రాహీమ్ తన వాళ్లను ‘మీరు అంటిపెట్టుకుని ఉన్న ఈ తమాసీల్ ఏమిటి’ అని అడుగుతాడు. అక్కడా విగ్రహాలే.

గుంటూరు_గ్రామరు
చివరికి అర్థం చూసి తేల్చడమే అయితే పద్ధతి అని ఎందుకు? జంటలు బట్టీ పడితే పోదా?

రెహానా_కలం
మన తెలుగులో ‘పళ్లు’ అంటే ఏకవచనం ఏమిటి? పండా, పన్నా? ‘పళ్లు తోముకున్నాడు’ అంటే పన్ను, ‘పళ్లు కోశాడు’ అంటే పండు. రూపం రెండు దారులు చూపిస్తుంది, వాక్యం ఒకటి మూసేస్తుంది. అరబీలో కూడా అదే. రూపం లేకపోతే ఎన్ని దారులున్నాయో కూడా తెలియదు.

అచ్చం పళ్లు లాంటిదే ‘ఖవాఇద్’. బఖరా 127లో ఇబ్రాహీమ్ ఇంటి ఖవాఇద్ లేపుతాడు, అంటే పునాదులు, ఏకవచనం ఖాఇదా. నూర్ 60లో ‘అల్ ఖవాఇదు మినన్నిసా’, పిల్లలు కనే వయసు దాటిన స్త్రీలు, ఏకవచనం ఖాఇద్. తా లేదు, ఎందుకంటే ఆ స్థితి స్త్రీలకే ఉంటుంది కాబట్టి తా అవసరం పడలేదు.

పాతబస్తీ_పాఠం
బట్టీ మాట కొట్టేయకు రెహానాజీ. మదరసాల వాహిద్-జమా, అంటే ఏకవచనం బహువచనం కలిపే చెప్పిస్తరు, ఖిద్ర్ ఖుదూర్, జఫ్నా జిఫాన్ అని. ఫిఆల్, ఫుఊల్‌ల బట్టీ లేకుంట నడువది. మఫాఈల్, ఫవాఇల్‌ల పద్ధతి నడుస్తది.

మూలధాతువు
దీంతో ఏకీభవిస్తున్నాను. నాలుగు హల్లుల మీద నడిచే పొడుగాటి ఆకారాలు ఏకవచనాన్ని దాదాపు బయటపెడతాయి. పొట్టి ఆకారాలు దాచేస్తాయి. ఒక్క జాగ్రత్త: ఛందస్సులో రాసిన పద్యమైతే ఆ ‘ఈ’ని పూర్తిగా నమ్మకండి. పాదం నిండటానికి సయారిఫ్‌ను సయారీఫ్ అని సాగదీసిన పాత పద్యాన్ని వ్యాకరణ గ్రంథాలు ఎప్పుడూ ఉదాహరిస్తాయి.

సీమ_పాఠకుడు
గాషియా సూరా 14, 15, 16 మీద ప్రయత్నించాను, దిద్దండి. ‘అక్వాబ్’: కాఫ్-వావ్-బా, అఫ్ఆల్ ఆకారం, ఏకవచనం ‘కవ్‌బ్’. ‘నమారిఖ్’: చివర హ్రస్వం, కాబట్టి ఏకవచనంలో దీర్ఘం లేదు. నూన్ అదనపు అక్షరం అనుకుని మీమ్-రా-ఖాఫ్‌లో వెతికితే దొరకలేదు. ‘జరాబియ్యు’ అసలు తెలియలేదు.

మూలధాతువు
అక్వాబ్‌కు ధాతువు సరి, ఏకవచనం ‘కూబ్’, పిడి లేని కప్పు. అఫ్ఆల్ పొట్టి రకం కాబట్టి వావ్ ముందు ‘ఉ’ గుర్తు అయిన పేష్ ఉందో జబర్ ఉందో చెప్పలేదు. నమారిఖ్‌లో నూన్ కూడా ధాతువే, నాలుగక్షరాల ధాతువు. బహువచనం మొదట అదనంగా వచ్చేవి ఎక్కువగా మీమ్, తా, హమ్జా, యా. నూన్‌ను తీసేయడానికి తొందరపడకండి. ఏకవచనం నుమ్రుఖా, దిండు. తా లేకుండా నుమ్రుఖ్ కూడా ఉంది.

పాతబస్తీ_పాఠం
జరాబియ్యు చివర యా మీద తష్దీద్, అంటే ద్విత్వం గుర్తు ఉన్నది చూడు. కుర్సీ అరబీల ‘కుర్సియ్యు’, బహువచనం ‘కరాసియ్యు’. అదే దారి. ఏకవచనం చివర కూడ బరువైన యా ఉంటది, తా చేర్చుకో.

సీమ_పాఠకుడు
అయితే జర్బియ్యా?

రెహానా_కలం
తివాచీ, అదే. కానీ మొదటి అక్షరానికి జబర్, జేర్, పేష్ మూడూ నిఘంటువుల్లో కనిపిస్తాయి. జిర్బియ్యా అనేవాళ్లూ ఉన్నారు, జుర్బియ్యా అనేవాళ్లూ ఉన్నారు. ఈ ఆకారపు బహువచనంలో మొదటి అక్షరానికి ఎప్పుడూ జబరే కాబట్టి దాన్ని బట్టి తేల్చలేం.